విషయం: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో చూడదగ్గ డాక్యుమెంటరీలు

తల్లిదండ్రులకు నమస్కారం.

సెలవుల్లో వీలు చూసుకుని పిల్లల పక్కన కూర్చుని ఇవి చూడండి. ఫోన్లో కన్నా టీవీలో మేలు.

ముందుగా ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’. 2023లో ఆస్కార్ వచ్చింది, నిడివి నలభై నిమిషాలే. ముదుమలై అడవిలో తల్లి లేని ఏనుగు పిల్ల రఘుని బొమ్మన్, బెల్లి కన్నబిడ్డలా సాకిన తీరు పిల్లలు మర్చిపోరు. మాటలు తమిళం, సబ్‌టైటిల్స్ అందకపోతే మీరు చెప్పండి.

శ్రీహరికోట రాకెట్ అనగానే మేడెక్కే పిల్లలకు ‘అపోలో 11’ (2019). వ్యాఖ్యానం లేదు, అంతా 1969 నాటి అసలు దృశ్యాలే.

‘అవర్ ప్లానెట్’ కూడా బాగుంటుంది. రెండో భాగంలో వాల్రస్‌లు కొండ మీంచి పడే చోటు చిన్నవాళ్లకు చూపించకండి.

పులికాట్‌కి ఫ్లెమింగోలు వచ్చే కాలమిది. కుదిరితే నేలపట్టుకూ తీసుకెళ్లండి.

ఇట్లు,
ఏడో తరగతి క్లాస్ టీచర్, నెల్లూరు