గోంగూర రీల్ స్క్రిప్టు: రోలు నుంచి ఆకు దాకా

చోటు: బ్రాడీపేట మెస్, వంటిల్లు, భోజనాల గది. గుంటూరు.
నిడివి: 46 సెకన్లు. నిలువు ఫ్రేము.
మనుషులు: పిన్నిగారు (చేతులు మాత్రమే), వడ్డించే కుర్రాడు, భోజనానికొచ్చిన పెద్దాయన.
సంగీతం: లేదు. మొదట్లోనూ లేదు, చివర్లోనూ లేదు.

అందరూ షూటింగుకి ముందు చదవాల్సింది

ఈ రీల్‌లో "కమ్మని", "ఘుమఘుమలాడే", "నోరూరించే", "అదిరిపోయే" అన్న మాటలు తెర మీదా రావు, గొంతులోనూ రావు, కింద రాసే క్యాప్షన్‌లోనూ రావు. ఊళ్లో ప్రతి హోటల్ రీల్‌లోనూ అవే మాటలున్నాయి. వాటిని విని ఎవరికీ ఆకలి వెయ్యడం లేదు. ఆవాలు చిట్లిన చప్పుడు వింటే మాత్రం అన్నం తిని లేచినవాడు కూడా వంటింటి వైపు చూస్తాడు. మనం ఆ చప్పుడు పట్టుకుంటే చాలు.

చప్పుళ్లన్నీ ఈ వంటింట్లోవే కావాలి. నెట్‌లో దొరికే వేపుడు చప్పుళ్లు తెచ్చి అతికించొద్దు. చప్పుడు సరిగ్గా పడకపోతే అదే మూకుడులో, అదే నూనెలో మళ్లీ వేసి రికార్డు చేద్దాం. పిన్నిగారు ఒప్పుకున్నారు.

షూటింగు ఉదయం 8:30కి, భోజనాల రద్దీకి ముందే. షాట్ నడిచేటప్పుడు ఫ్రిజ్, ఎగ్జాస్ట్, సీలింగ్ ఫ్యాన్లు ఆపాలి. మైకు చప్పుడికి జానెడు దూరంలో, పక్కనుంచి ఉండాలి. నూనె మీద, ఆవిరి మీద నేరుగా పెట్టొద్దు. లెన్సుకి ఫిల్టరు తగిలించాలి. వంటింట్లో ట్యూబులైట్లున్నాయి, మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే తెర మీద గీతలు కదలవు. వెలుగు కిటికీ వైపునుంచి, వస్తువు వెనకనుంచి రావాలి. వెనక గోడ చీకటిగా ఉంటేనే ఆవిరి కనపడుతుంది.

షాట్ 1. 0:00–0:02
రెండు వేళ్ల మధ్య ఒక ఎండుమిర్చి. ఫ్రేము నిండా అదే. వేళ్లు దాన్ని ఊపుతాయి.
చప్పుడు: లోపల గింజలు గలగల. ఇంకేమీ వద్దు.
ఓనరుగారు మొదట బోర్డు చూపిద్దామన్నారు. బోర్డు చివర్లోనే. మొదటి రెండు సెకన్లలో చూసేవాడి వేలు స్క్రోల్ చెయ్యడం ఆపకపోతే బోర్డు దాకా ఎవరూ రారు. కాయ కొత్తదై, బాగా ఎండిందై ఉండాలి. మెత్తబడిన కాయ చప్పుడు చెయ్యదు. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో మెత్తబడ్డ కాయ చూపిస్తే కింద కామెంట్లలో మనల్ని ఉతికేస్తారు.

షాట్ 2. 0:02–0:06
తొడిమ తీసిన చప్పుడు: టిక్. కట్. మూకుడులో నూనె, అందులో మిరపకాయలు ఒకటొకటిగా పడతాయి. కాయ ఉబ్బి, పక్కకి దొర్లడం పక్కనుంచి తీయాలి. ధనియాలు, మెంతులు కూడా అప్పుడే పడతాయి.
చప్పుడు: నూనెలో కాయ పడగానే చుయ్య్. గరిటె మూకుడికి తగిలిన ఖణేల్.
0:05 దగ్గర ఫ్రేము బయటనుంచి ఒక్క దగ్గు.
ఈ దగ్గు కోసం నటించొద్దు. ఎగ్జాస్ట్ ఆపి మిరపకాయలు వేయిస్తుంటే అవతల గదిలో ఎవరో ఒకరికి దానంతటదే వస్తుంది. మైకు నడుస్తూ ఉంటే చాలు. కారం ఎంతో మనం నోటితో చెప్పక్కర్లేదు, ఆ దగ్గే చెప్తుంది. దగ్గు పడగానే ఎగ్జాస్ట్ వెంటనే వెయ్యాలి, పిన్నిగారిని ఆ పొగలో నిలబెట్టొద్దు.

షాట్ 3. 0:06–0:09
అదే మూకుడు. గోంగూర కుప్పగా పడుతుంది. కుప్ప కుంగుతుంది, ఆకు రంగు మారుతుంది. మధ్యలో ఒక కట్, అంతే.
చప్పుడు: తడి ఆకు నూనెలో పడ్డ సుర్రు, తర్వాత కుతకుత.

షాట్ 4. 0:09–0:18
రీల్‌కి గుండెకాయ ఇదే. తొమ్మిది సెకన్లు ఇస్తున్నాను, ఎడిటింగులో కొయ్యొద్దు.
కెమెరా రోటి అంచు మీద, నేలకి దాదాపు ఆనించి. పిన్నిగారి చెయ్యి, పచ్చడిబండ, రోటి లోపలి గోడ మాత్రమే కనపడాలి. మొహం వద్దు.
మొదట వేయించిన మిరపకాయలు, కల్లుప్పు. బండ పడగానే కాయ చిట్లి గింజలు గోడకి ఎగురుతాయి.
చప్పుడు: కల్లుప్పు నలిగిన కరకర. బండ రాయికి తగిలిన ధన్. మళ్లీ ధన్.
0:12. వెల్లుల్లి రెబ్బలు పడతాయి. చప్పుడులో పదును తగ్గుతుంది.
0:14. గోంగూర ముద్ద పడుతుంది. ఇక ధన్ వినపడదు. తప్, తప్, తప్. బండ పైకి లేచేటప్పుడు ముద్ద దాన్ని వదల్లేక చిన్నగా చేసే జిగురు చప్పుడు ఒకటుంది. అది వినపడాలి. మైకు ఇంకో రెండు వేళ్లు దగ్గరికి జరపండి.
ఎండు, తడి, ముద్ద: పచ్చడి తయారైన మూడు దశలూ కళ్లు మూసుకున్నా తెలియాలి. కాబట్టి ఈ షాట్‌లో చప్పుడుని ముక్కలుగా కలపొద్దు, ఒకే టేకులోది వాడండి. బొమ్మని కావాలంటే కట్ చేసుకోండి.
పిన్నిగారి గాజులు తీయించొద్దు. దెబ్బకీ దెబ్బకీ మధ్య గాజుల చప్పుడు ఉండాలి. మిక్సీలో వేసిన పచ్చడికి గాజుల చప్పుడు ఉండదని చూసే ప్రతి ఇల్లాలికీ తెలుసు.
తెర మీద మాట లేదు.

షాట్ 5. 0:18–0:27
తాలింపు. పోపు గరిటెలో నూనె, వెనకనుంచి వెలుగు.
0:18. ఆవాలు పడతాయి. ఒక సెకను ఏమీ జరగదు. ఆ సెకను ఉంచండి.
0:19. ఒకటి చిట్లుతుంది. తర్వాత రెండు. తర్వాత అన్నీ.
ఆవగింజలో ఉన్న కాస్త తడి ఆవిరై పొట్టుని పగలగొడుతుంది, ఆ చప్పుడే చిటపట. నూనె చాలినంత కాగకపోతే ఈ వరస రాదు, మరీ కాగితే ఆవాలు ఒక్కసారే మాడతాయి. పిన్నిగారు చెప్పినప్పుడే వెయ్యాలి, కెమెరా సిద్ధమయ్యిందని వెయ్యకూడదు. మనమే ముందు సిద్ధంగా ఉండాలి.
0:22. మినప్పప్పు, ఎండుమిర్చి ముక్కలు, చితక్కొట్టిన వెల్లుల్లి. పప్పు రంగు తిరగడం దగ్గరగా.
0:24. కరివేపాకు. కడిగి నీళ్లు దులపండి, పూర్తిగా తుడవొద్దు. ఆ కాస్త తడికే పెటపెటమంటుంది. కెమెరామాన్ ఒక అడుగు వెనక్కి, జూమ్ చేసి తీయాలి, మొహానికి నూనె చిందకూడదు.
0:25. గరిటె మొత్తం రోట్లో పచ్చడి మీద వంపేస్తారు.
చప్పుడు: చుయ్య్య్. రీల్ మొత్తంలో అన్నిటికన్నా గట్టి చప్పుడు ఇదే, మైనస్ 6 డీబీ దాటకుండా. మిగతావన్నీ దీనికన్నా కింద ఉండాలి, లేకపోతే ఇది వచ్చినట్టే తెలీదు.
తెర మీద, పైభాగంలో, చిన్న అక్షరాల్లో: చిటపట. తర్వాత: చుయ్య్.
ఫోను మ్యూట్‌లో పెట్టుకుని చూసేవాళ్ల కోసం ఇవి. అడుగున, కుడి పక్కన రాయొద్దు, అక్కడ యాప్ గుర్తులు కప్పేస్తాయి.

షాట్ 6. 0:27–0:29
అన్నం గిన్నె మూత లేస్తుంది. ఆవిరి.
చప్పుడు: మూత లేచిన ఒక్క చప్పుడు, తర్వాత ఏమీ లేదు. పూర్తి నిశ్శబ్దం కాదు, ఆ గదిలో ఉండే మామూలు గాలి చప్పుడే. దానికోసం అందరూ కదలకుండా నిలబడితే 30 సెకన్లు విడిగా రికార్డు చేసుకుందాం.

షాట్ 7. 0:29–0:35
అరిటాకు మీద నీళ్లు చిలకరించిన చప్పుడు, అరచేత్తో తుడిచిన చప్పుడు. పచ్చడి పడుతుంది. అన్నం పడుతుంది. ఉల్లిపాయ ముక్క.
నెయ్యి. గరిటె అంచునుంచి జారి అన్నంలో ఇంకడం. ఇదొక్కటే స్లో మోషన్, 100 ఫ్రేముల్లో, షట్టర్ 1/100. నెయ్యి అన్నం మీద పడితే చప్పుడు రాదు. లేని చప్పుడు పుట్టించొద్దు. గరిటె నేతి గిన్నె అంచుకి తగిలిన టింగ్ మాత్రం ఉంటుంది, అది పెట్టండి.

షాట్ 8. 0:35–0:43
పెద్దాయన కుడిచెయ్యి. అన్నం, పచ్చడి కలుపుతారు. తెల్ల అన్నం మధ్యలో పచ్చడి గీతలు పడటం, వేళ్ల సందుల్లోంచి నెయ్యి రావడం. ముద్ద పైకి లేస్తుంది, ఫ్రేము దాటిపోతుంది. కెమెరా ఆకు మీదే ఉంటుంది.
చప్పుడు: ఉల్లిపాయ కొరికిన కరక్. ఒక సెకను తర్వాత నాలిక మండి గాలి లోపలికి పీల్చిన ఉస్స్.
నమిలే చప్పుడు, చప్పరింపు వద్దు. చాలామందికి ఒళ్లు మండుతుంది.
ఫ్రేములోకి నేతి గరిటె వస్తుంది.
కుర్రాడు: "ఇంకాస్త వెయ్యనా బాబాయ్?"
పెద్దాయన: "వెయ్యి నాన్నా. చాలు అనేదాకా వెయ్యి."
రెండో గరిటె పడుతుంది. ఆయన చాలు అనరు.
రీల్ మొత్తం మీద మాటలు ఇవే. రోజూ వచ్చే ఆయనే కాబట్టి నేర్పక్కర్లేదు. ఆయన ఇంకోలా అన్నా అదే ఉంచేద్దాం, "బాగుంది" అని మాత్రం అనకుండా చూడాలి. ఒకవేళ అంటే అక్కడే కట్ చేసి, తర్వాతి ముద్ద తీద్దాం.

షాట్ 9. 0:43–0:46
అప్పడం విరిగిన చప్పుడు: ఫెళ్. ఆ చప్పుడు మీదే కట్ అయ్యి బోర్డు.
తెర మీద:
గోంగూర పచ్చడి భోజనం, 140 రూపాయలు
బ్రాడీపేట 4వ లైను, గుంటూరు
11:30 నుంచి 3:00 దాకా

ఎడిటింగుకి

ఫిల్టరు రంగులు వెయ్యొద్దు. గోంగూర ఉడికాక ఉన్న రంగే ఉండాలి, పచ్చగా లాగితే పచ్చి ఆకులా కనపడుతుంది, తినేవాడు నమ్మడు. ఒకసారి బొమ్మ ఆపేసి చప్పుడు మాత్రం వినండి, ఇంకోసారి చప్పుడు ఆపేసి బొమ్మ మాత్రం చూడండి. రెండు విధాలుగానూ ఏ వంటో తెలియాలి. ఏ షాట్ దగ్గర తెలియకపోతే దాన్ని మళ్లీ తీద్దాం.

క్యాప్షన్

పొద్దున 9 గంటలకి రోలు కడుగుతాం. 11 గంటలకి తాలింపు. ఆ రోజు నూరింది ఆ రోజే. అయిపోతే అప్పడం, పప్పు, చారుతో పెడతాం, గోంగూర మర్నాడే. చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడండి.
బ్రాడీపేట 4వ లైను, గుంటూరు. ఆదివారం సెలవు.