మన యాదయ్య ఊరికి వెళ్ళిపోతున్నారు: ఫ్లాట్ల వారందరికీ మనవి

నల్లకుంట, 5 సెప్టెంబర్ 2025

ఓనర్లకు, అద్దెకుంటున్నవారికి నమస్కారం.

మన వాచ్‌మెన్ యాదయ్య ఈ దసరాకి ఊరికి వెళ్తే ఇక తిరిగి రారు. కంటికి ఆపరేషన్ అయినా రాత్రిపూట బండి నంబర్లు ఆనడం లేదని, మోకాళ్ళు టెర్రస్ దాకా ఎక్కనివ్వడం లేదని జూన్ నుంచీ చెబుతూనే ఉన్నారు. మనమే "ఇంకో నెల, ఇంకో నెల" అని ఆపుతూ వచ్చాం. మొన్న మాత్రం "ఇగ చాలు సార్, పోతా" అనేశారు. వయసు 68. కల్వకుర్తి దగ్గర సొంతూళ్ళో ఎకరంన్నర చేను, ఒక రేకుల ఇల్లు ఉన్నాయి. భార్య బాలమ్మ గారు కూడా ఆయనతోనే వెళ్ళిపోతున్నారు.

అసోసియేషన్ పాత మినిట్స్ పుస్తకం తీసి చూశాను. యాదయ్య చేరింది 1998 దసరా అయిన వారానికి. జీతం 1,100 రూపాయలు, సెల్లార్లో గది, కరెంటు ఉచితం. అప్పటికి మన 20 ఫ్లాట్లలో జనం దిగింది ఆరింటిలోనే. లిఫ్టు ఇంకా పెట్టలేదు. ఇప్పుడు జీతం 13,000. ఈ మధ్యలో 27 ఏళ్ళు గడిచాయి.

కొత్తగా వచ్చినవాళ్ళకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. 2000 ఆగస్టులో హైదరాబాద్‌ని ముంచెత్తిన వాన పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి నాలా పొంగి మన వీధిలోకి, వీధిలోంచి సెల్లార్లోకి నీళ్ళు వచ్చాయి. అప్పుడు సెల్లార్లో పదకొండు బళ్ళు ఉన్నాయి, ఎక్కువ చేతక్‌లే. యాదయ్య ముందు మెయిన్ స్విచ్ ఆపేశారు. తర్వాత ఒక్కో బండినీ ముందు చక్రం ఎత్తి, లాక్కుంటూ తెచ్చి, ఎదురింటి కుర్రాళ్ళిద్దరి సాయంతో మెట్ల మీదికి ఎక్కించారు. మేం టార్చిలైట్లు పట్టుకుని కిందికి దిగేసరికి ఎనిమిది బళ్ళు పైన ఉన్నాయి. ఆయన గది తలుపు దగ్గర బియ్యం బస్తా, వాళ్ళ అమ్మాయి పుస్తకాల సంచి నీళ్ళలో తేలుతున్నాయి. మా బండి ఆ ఎనిమిదింటిలో ఒకటి. ముందు మీ గది సర్దుకోవచ్చు కదా అంటే, "బండ్లు మీరు నాకు అప్పజెప్పినయి గద సార్" అన్నారు.

ఇక నీళ్ళ సంగతి. సంపు దగ్గర గోడకి ఆనించి ఉండే వెదురు కర్రని మీరంతా చూసే ఉంటారు. దాని మీద కత్తితో పెట్టిన గాట్లు ఉంటాయి. ఏ గాటు దాకా తడిస్తే ఎన్ని నీళ్ళున్నట్టో యాదయ్యకి నోటి లెక్క. 5,000 లీటర్ల ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ ముందొకసారి, తర్వాతొకసారి ఆ కర్ర ముంచి చూస్తారు. ఒక వేసవిలో గాటున్నర తక్కువొచ్చిందని గేటుకి తాళం వేసి, ట్యాంకర్‌ని కదలనివ్వలేదు. డ్రైవర్ ఎంత అరిచినా "కట్టె చూడు, నన్ను జూడకు" అని అక్కడే నిలబడ్డారు. మరుసటి ట్రిప్పుకి లెక్క సరిపోయింది. నల్లా నీళ్ళు తెల్లవారుజామున మూడున్నరకి వదిలినా, రాత్రి పదకొండుకి వదిలినా వాల్వు తిప్పింది ఆయనే. మనం లేచి కుళాయి తిప్పుకున్నాం, అంతే.

లాక్‌డౌన్‌లో రెండో అంతస్తు బాల్కనీ నుంచి తాడు కట్టి దింపిన బకెట్లో పాలు, మందులు పెట్టి పంపిన సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి మళ్ళీ రాయను.

రాయాల్సింది ఇంకొకటి ఉంది, కొంచెం ఇబ్బందిగానే రాస్తున్నాను. 2009లో ఒక ఫ్లాట్లో గొలుసు కనిపించకుండా పోయింది. అందరం ముందు యాదయ్య వంకే చూశాం. రెండు రోజులు ఆయన్ని పోలీస్ స్టేషన్‌కి తిప్పారు. వారం తర్వాత ఆ గొలుసు వాళ్ళింట్లోనే, బీరువా వెనక దొరికింది. ఆ సాయంత్రం కమిటీ మీటింగులో "దొరికింది కదా, సరే" అనుకుని తర్వాతి విషయానికి వెళ్ళిపోయాం. ఆయనకి ఒక్క మాట చెప్పినవాళ్ళు లేరు. అప్పటి కమిటీలో నేనూ ఉన్నాను. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే గేటు తీసి నాకు నమస్తే పెట్టారు.

ఇప్పుడు డబ్బు విషయానికి వస్తాను.

ఇన్నేళ్ళలో మనం యాదయ్యకి పీఎఫ్ కట్టలేదు, పెన్షన్ లేదు. గ్రాట్యుటీ చట్టం పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట్లకి వర్తిస్తుంది, మన దగ్గర ఉన్నది ఒక్కరే. కాబట్టి చట్టప్రకారం మనం ఆ పేరుతో పైసా ఇవ్వక్కర్లేదు. కానీ మనలో ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళం ఏ లెక్కన గ్రాట్యుటీ తీసుకున్నామో అదే లెక్క ఆయనకీ వేద్దామని కమిటీ అనుకుంది. ఆఖరి జీతం 13,000ని 26తో భాగిస్తే రోజుకి 500. ఏడాదికి పదిహేను రోజుల చొప్పున 7,500. 27 ఏళ్ళకి 2,02,500 రూపాయలు.

ఇందులో 52,500 కార్పస్ నుంచి ఇస్తున్నాం. మిగతా 1,50,000కి ఫ్లాటుకి 7,500 వస్తుంది. అంటే యాదయ్య మనకి చేసిన 27 ఏళ్ళలో ఒక్కో ఫ్లాటు ఒక్కో ఏడాదిని భరిస్తే సరిపోతుంది. ఇది ఓనర్లకి చెబుతున్న లెక్క. అద్దెకున్నవాళ్ళు తోచినంత ఇవ్వచ్చు, ఇవ్వకపోయినా ఎవరూ అడగరు. ఒకేసారి కష్టమైతే సగం ఇప్పుడు, సగం దీపావళికి ఇవ్వండి. ఆ లోటు అప్పటిదాకా కార్పస్ నుంచి సర్దుతాం. ఎవరెంత ఇచ్చారన్న లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టం. మొత్తం ఎంత వచ్చిందన్నది మాత్రం పెడతాం.

"నెలనెలా జీతం ఇచ్చాం కదా" అని మీటింగులో ఒకరన్నారు. ఇచ్చాం, నిజమే. మన ఆఫీసులు కూడా మనకి నెలనెలా జీతాలిచ్చాయి, పైగా గ్రాట్యుటీ కూడా ఇచ్చాయి.

డబ్బు సెప్టెంబర్ 25 గురువారం లోపు మెయింటెనెన్స్ కట్టే అకౌంట్‌కే వేయండి, వివరంలో ఫ్లాట్ నంబరు, యాదయ్య అని రాయండి. నగదైతే 302లో ట్రెజరర్ గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. వచ్చినదాంట్లో రెండు లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో యాదయ్య, బాలమ్మ గార్ల పేర జాయింటుగా వేస్తాం. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి 4,100 చేతికొస్తుంది. ఇలా చేయమన్నది వాళ్ళ అమ్మాయే. "చేతికిస్తే నాయన ఎవరడిగినా ఇచ్చేస్తడు" అంది. మిగిలిన 2,500 దారి ఖర్చులకి.

రెండు చిన్న మాటలు. దసరా మామూలు ఇందులో కలపకండి, అది ఎప్పటిలా విడిగా ఇవ్వండి. అలాగే పాత చీరలు, తిరగని మిక్సీలు, కాలు విరిగిన కుర్చీలు దయచేసి ఈసారి ఇవ్వద్దు. ఇవ్వాలనిపిస్తే కొత్తది ఇవ్వండి, లేదా ఊరుకోండి.

సెప్టెంబర్ 28 ఆదివారం ఉదయం పదిన్నరకి సెల్లార్లో అందరం కలుద్దాం. టిఫిన్లు అసోసియేషన్ తరఫున. ఇక్కడ పెరిగి ఇప్పుడు వేరే ఊళ్ళలో, దేశాల్లో ఉన్న పిల్లలకి చెప్పండి, పదకొండింటికి వీడియో కాల్ పెడుతున్నాం. వాళ్ళకి స్కూల్ బస్సు ఎక్కించింది ఆయనే కదా. ఆ రోజు ఉపన్యాసాలు ఉండవు. 2009 విషయం మాత్రం నేను అందరి ముందూ చెప్పి, క్షమించమని అడుగుతాను.

ప్రతి దసరాకి ఇరవై గుమ్మాలకీ జమ్మి ఆకు తెచ్చి పెట్టేది యాదయ్యే. ఈసారి పండగ నాటికి ఆయన ఇక్కడ ఉండరు కనుక ఎవరి జమ్మి వాళ్ళే తెచ్చుకోవాలి. కొత్త వాచ్‌మెన్ 26వ తేదీన చేరుతున్నాడు. రెండు రోజులు దగ్గరుండి కర్ర లెక్క నేర్పిస్తానని యాదయ్య అన్నారు. ఆ సమయంలో నేనూ వెళ్ళి నేర్చుకుందామనుకుంటున్నాను.

ఇట్లు,
సెక్రటరీ, ఫ్లాట్ 401
అసోసియేషన్ కమిటీ తరఫున