వ్యాసంపై ఏఐ ఆరోపణ: పునఃపరిశీలన కోరుతూ అప్పీలు

అకడమిక్ నిజాయితీ కమిటీ అధ్యక్షులకు, సభ్యులకు,

నమస్కారం. నేను మనస్తత్వశాస్త్రం రెండో సంవత్సరం విద్యార్థినిని, రోల్ నంబర్ 2147. మార్చి 14న నేను సమర్పించిన ‘కళ్లారా చూసినవాళ్ల సాక్ష్యం ఎంతవరకు నమ్మొచ్చు’ అనే వ్యాసాన్ని డిటెక్టర్ 84 శాతం ఏఐ రాత అని చూపించింది. ఆ ఒక్క అంకె ఆధారంగా సున్నా మార్కులు వేశారు. వ్యాసం మొత్తం నేనే రాశాను. వాడిందల్లా స్పెల్‌చెక్ ఒక్కటే. సున్నాను రద్దు చేసి, వ్యాసాన్ని మామూలుగా దిద్దించమని కోరుతున్నాను.

నా ఫైల్‌లో 9 రోజుల ఎడిట్ హిస్టరీ ఉంది. అందులో మార్చి 8 రాత్రి మార్పులు ముందు చూడండి. 1974లో లోఫ్టస్, పామర్ చేసిన ప్రయోగంలో, ప్రమాదం వీడియో చూసినవాళ్లలో కొందరిని కార్లు ‘గుద్దుకున్నప్పుడు’ అని కాకుండా ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ఆ మాట విన్నవాళ్లలో ఎక్కువమంది, అక్కడ లేని పగిలిన అద్దాన్ని చూశామన్నారని మొదట రాశాను. నోట్సు మళ్లీ చూస్తే, అలా అన్నది 50 మందిలో 16 మందే. అప్పటికి వాదనంతా ‘ఎక్కువమంది’ మీదే నిలబెట్టాను. రెండు పేరాలు కొట్టేసి, మిగతా 34 మంది ఎందుకు మోసపోలేదన్న ప్రశ్న వైపు వ్యాసాన్ని తిప్పాను. కొట్టేసిన పేరాలు హిస్టరీలో అలాగే ఉన్నాయి. చేతిరాత నోట్సులో ఆ 16 చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాను.

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ అయితే ఎక్కడి నుంచి ఎత్తారో పక్కన పెట్టి చూపిస్తుంది. ఏఐ డిటెక్టర్ అలా చూపించలేదు, అది చెప్పేది అంచనా మాత్రమే. వాక్యంలో తర్వాతి మాట ఎంత తేలిగ్గా ఊహకు అందుతుందన్నది ఇలాంటి చాలా డిటెక్టర్లు చూసే లక్షణం. పొట్టి వాక్యాలు, తెలిసిన పదాలతో రాసే నాలాంటివాళ్లు అక్కడే దొరికిపోతారు. ఓపెన్‌ఏఐ సంస్థే తన డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువగా ఉందంటూ 2023 జులైలో ఆపేసింది.

ఇంకొక్క మాట. విచారణలో నన్ను మొట్టమొదట అడిగింది ‘ఏఐని ఎంతవరకు వాడావు?’ అని. ‘వాడావా?’ అని కాదు. నా వ్యాసం సరిగ్గా ఇలాంటి ప్రశ్నల గురించే. టెన్షన్‌లో ‘కొంచెం కూడా లేదు సార్’ అన్నానే గానీ ఈ మాట చెప్పలేకపోయాను.

మీకు వీలైన రోజున నన్ను పిలిచి, వ్యాసంలో ఏ పేరా మీదనైనా ప్రశ్నలు అడగండి. కాగితం చూడకుండా జవాబు చెబుతాను. ఎడిట్ హిస్టరీ ప్రింటు, నోట్సు 11 పేజీల నకళ్లు, ఇదే సబ్జెక్టులో నేను ముందు రాసిన రెండు వ్యాసాలు జతచేశాను. అసలు ఫైల్‌ను మీ ముందే తెరిచి చూపించడానికీ సిద్ధం. తీర్పు ఏదైనా, కారణాలతో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ విద్యార్థిని,
రోల్ నంబర్ 2147