చాట్ టూల్ నేర్చుకుంటున్న తీరు గురించి

జంగారెడ్డిగూడెం,
జూన్ 18.

సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారమండి. మా పైపులు, మోటార్ల షాపుకు మీరిచ్చిన వాట్సాప్ ఆర్డర్ల చాట్ టూల్ "వాడేకొద్దీ మీ కస్టమర్ల భాషకు అలవాటు పడుతుంది" అని డెమోలో చెప్పారు. నిజమే, అలవాటు పడుతోంది. పడకూడని చోట కూడా పడుతోంది, చిక్కంతా అక్కడే. ఏం జరుగుతోందో, దేన్ని ఎలా మార్చాలో రాస్తున్నాను. మీ టెక్నికల్ వాళ్లకు ఉత్తరం ఉన్నదున్నట్టు చూపించండి.

ముందు అన్నిటికంటే ఖరీదైన తప్పు. "రెండంగుళాలు" అనే మాటకు మా దగ్గర ఒక్క అర్థం లేదు. రైతు అంటే అది బోరు లైను పైపు, బయటి కొలత 63 ఎం.ఎం. ఇంటి పని చేసే ప్లంబర్ అంటే అది యూపీవీసీ, బయటి కొలత 60.3 ఎం.ఎం. వేడినీళ్ల లైనుకు వాడే సీపీవీసీలో రెండంగుళాలంటే మళ్లీ వేరే సరుకు, దాని సొల్యూషన్ కూడా వేరే. మే నెల నుంచి ఆయిల్‌పామ్, మొక్కజొన్న రైతుల ఆర్డర్లు ఎక్కువగా వచ్చాయి. వాళ్లంతా 63కే "అవును" నొక్కారు. దాంతో టూల్ రెండంగుళాలంటే 63 అని తేల్చేసుకుంది. ఇప్పుడు ప్లంబర్ "2 inch elbow 12" అని కొడితే 63 ఎల్బోలు పన్నెండు చూపిస్తోంది. పనిలో ఉన్న మనిషి చదవకుండానే కన్ఫర్మ్ నొక్కుతాడు. 60.3 పైపు 63 ఎల్బోలో వదులుగా కూర్చుంటుంది. 2.7 ఎం.ఎం. సందును సొల్యూషన్ పూడ్చదు. ఆరాక జాయింటు గట్టిగానే కనిపిస్తుంది, ట్యాంకు నిండాక కారుతుంది. గోడ పూత కూడా అయిపోతే ఆ ఖర్చు ఎల్బో ధరతో పోదు.

నంబరు వారీగా గుర్తుపెట్టుకుంటే చాలని మీవాళ్లు ఫోన్లో అన్నారు. చాలదండి. మా ఊళ్లో ఒకే ప్లంబర్ పొద్దున బోరు లైను, సాయంత్రం బాత్రూం పని చేస్తాడు. కొలత ఒక్కటే వచ్చినప్పుడు టూల్ ఊహించకూడదు, "బోరు లైనుకా అండి, ఇంటి పనికా?" అని ఒక్క ప్రశ్న అడగాలి. అదే ఆర్డర్లో ఫుట్ వాల్వ్ ఉంటే లైను పని, సీపీవీసీ సొల్యూషన్ ఉంటే ఇంటి పని అని పట్టుకుని ప్రశ్న మానేయవచ్చు. ఊరందరూ ఏం కొన్నారన్నది మాత్రం ఒక మనిషి ఆర్డరుకు ఆధారం కాకూడదు.

రెండోది కిలోల గొడవ. మా వ్యాపారంలో 4 కేజీ, 6 కేజీ, 10 కేజీ పైపు అంటే అది తట్టుకునే ప్రెషర్, బరువు కాదు. మొదటి వారం టూల్ "ఎన్ని కిలోల పైపు కావాలి?" అని అడిగి రైతుల్ని నవ్వించింది. కౌంటర్‌లో కుర్రాళ్లు పదిహేనుసార్లు సరిదిద్దాక దారికొచ్చింది. ఇది మెచ్చుకోవాల్సిందే. కానీ "కేజీ" మాట ఎక్కడ కనిపించినా ప్రెషరే అనుకోవడం మొదలుపెట్టింది. మేకులు, బైండింగ్ వైరు మేం తూకానికే అమ్ముతాం. "2 inch mekulu 4 kg" అని వస్తే మేకులు వదిలేసి రెండంగుళాల 4 కేజీ పైపు చూపించింది. నేర్చుకున్న అర్థం మాటకు కాదు, సరుకుకు అతుక్కోవాలి. సరుకు పేరు అర్థం కాకపోతే మిగతా మాటల్ని పట్టుకుని ఆర్డరు అల్లడం ఆపి, మెసేజ్‌ను కౌంటర్‌కు పంపాలి.

మూడోది కౌంటర్ సవరణలు. 6 కేజీ పైపు స్టాకు లేనప్పుడు కస్టమర్ ఒప్పుకుంటే మావాళ్లు 10 కేజీకి మారుస్తారు. టూల్ దాన్ని ఆ కస్టమర్ ఇష్టంగా రాసుకుంటోంది. స్టాకు వచ్చాక కూడా అతనికి ముందు 10 కేజీయే చూపిస్తోంది. దాని మందం ఎక్కువ, ధరా ఎక్కువ. షాపువాళ్లు కావాలనే ఖరీదైనది అంటగడుతున్నారని కస్టమర్ అనుకుంటే తప్పు అతనిది కాదు. సవరణ నొక్కగానే మూడు బటన్లు రావాలి: "టూల్ తప్పు చదివింది", "స్టాకు లేదు", "కస్టమర్ మార్చుకున్నారు". మొదటి బటన్ నొక్కిన సవరణ నుంచే అది నేర్చుకోవాలి.

ధరలు, అరువు విషయంలో నేర్చుకోవడం పూర్తిగా ఆపేయండి. పాత ఖాతాదారుకు చేత్తో తగ్గించిన రేటును కొత్తవాళ్లకు చెబుతోంది. పైపుల ధర రెజిన్ ధరను బట్టి మారుతూ ఉంటుంది, నిన్నటి బిల్లు ఈరోజు రేటు కాదు. రేటు మేం పెట్టిన షీటులోంచే రావాలి. బాకీ ఎంతన్నది చాట్‌లో అసలు చెప్పకూడదు, చాలా ఇళ్లలో ఒక ఫోను నలుగురు చూస్తారు.

మర్యాద గురించి ఒక మాట. కస్టమర్ "pampu" అంటే టూల్ కూడా "పంపుతా, ఆగు" అంటోంది. వాళ్లు ఎలా రాసినా మా వైపు నుంచి "అండి" పోకూడదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లకు అలాగే జవాబివ్వడం మాత్రం బాగుంది, దాన్ని కదపకండి.

వాయిస్ మెసేజ్‌లలో "అర అంగుళం", "ఆరు అంగుళాలు" కలిసిపోతున్నాయి. "అంగుళంపావు" అంటే 1¼. దాన్ని ఒకటి, పావు అని రెండు సరుకులుగా విడగొడుతోంది. కన్ఫర్మ్ అడిగేటప్పుడు కొలతను అంకెల్లో, పక్కన ఎం.ఎం.లో, సరుకు ఫొటోతో చూపిస్తే సగం తప్పులు అక్కడే ఆగుతాయి.

వీటన్నిటికీ మూలం ఒక్కటే: టూల్ ఏం నేర్చుకుందో మాకు కనబడదు. ప్రతి సోమవారం ఒక షీటు పంపండి. కొత్తగా పట్టిన మాట, దానికిచ్చిన అర్థం, ఏ సరుకుకు, ఎన్ని ఆర్డర్ల మీద అన్నవి అందులో ఉండాలి. మేం టిక్ పెట్టినవే అమల్లోకి రావాలి. టిక్ పెట్టాక తప్పని తేలితే ఆ ఒక్క వరుసను వెనక్కి తీసే వీలుండాలి. ఇప్పుడున్న "రీసెట్" నొక్కితే మంచీ చెడూ కలిసి పోతున్నాయి, కేజీల పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

మార్పులు చేశాక మా అసలు నంబరు మీద కాకుండా టెస్ట్ నంబరు మీద ఇవి కొట్టి చూడండి.

```
2 inch elbow 12
2 inch pipe 6kg 20
2 inch mekulu 4 kg
angulam pavu tee 5
```

మొదటిదానికి బోరా, ఇల్లా అని ప్రశ్న రావాలి. రెండోదానిలో కేజీ చెప్పారు కాబట్టి లైను పనే, ప్రశ్న అక్కర్లేకుండా 63 ఎం.ఎం., 6 కేజీ ప్రెషర్, 20 పైపులు. మూడోదానికి నాలుగు కిలోల మేకులు. నాలుగోదానికి 1¼ టీలు అయిదు, అవి దేనికన్న ప్రశ్నతో. ఒకటికి రెండుసార్లు, మధ్యలో పాతిక రైతుల ఆర్డర్లు నడిపి మళ్లీ కొట్టండి. మొదటిసారి సరిగ్గా చెప్పి రెండోసారి మారిపోతే రోగం అలాగే ఉన్నట్టు.

ప్రస్తుతానికి ఆటో కన్ఫర్మ్ ఆపేశాం, ప్రతి ఆర్డరూ కౌంటర్‌లో చదివాకే కడుతున్నాం. రెన్యువల్ ఈ నెల 30న ఉంది. 25 లోపు టెస్ట్ నంబరు ఇస్తే మేమే కొట్టి చూసి, డబ్బు సంగతి అప్పుడు మాట్లాడతాం.

ఇట్లు,
ప్రొప్రయిటర్,
పైపులు, మోటార్ల షాపు,
మెయిన్ రోడ్డు, జంగారెడ్డిగూడెం.