పరిశోధన ప్రణాళిక: చెరువు నిండితే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఏమవుతుంది?

(యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో భూగర్భజల శాస్త్రం అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి దరఖాస్తుతో పాటు)

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఏ రైతుని అడిగినా చెరువు నిండితే బోర్లలో నీళ్లు పెరుగుతాయంటాడు. అది నిజమే. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గుతుందా అంటే మాత్రం ఊరికో మాట వినిపిస్తుంది. నా పీహెచ్‌డీ కొలతల్లో ఒకే చెరువు ఆయకట్టులో ఉన్న బోర్లు కూడా తలో జవాబు ఇచ్చాయి: కట్ట కిందే ఉన్న బోర్లలో వానల తర్వాత ఫ్లోరైడ్ తగ్గింది, ఇంకాస్త దిగువన వరి మళ్ల మధ్యలో ఉన్నవాటిలో వేసవి వచ్చేసరికి పెరిగింది. ఏ చెరువు ఏ బోరుకి మేలు చేస్తుందో, దేనికి కీడు చేస్తుందో నీళ్లు నింపకముందే చెప్పగలగాలి. రాబోయే ఐదేళ్లు నేను దీని మీదే పని చేయాలనుకుంటున్నాను.

తాగునీటి సంగతి మిషన్ భగీరథ చూసుకుంటోంది కదా, ఇంకా ఎందుకు అని అడగొచ్చు. నల్లా నీళ్లు ఇంటికి వచ్చాయి, అది చాలా పెద్ద మార్పు. కానీ పొలం పనికి వెళ్లినవాళ్లు దాహమేస్తే బోరు దగ్గరే తాగుతారు, పశువులు అవే తాగుతాయి, పైర్లకీ అవే పారతాయి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని మన ప్రమాణాలు చెబుతున్నాయి, ఆ గీత దాటిన బోర్లు ఇప్పటికీ రోజూ నడుస్తున్నాయి. ఎముకలు వంకరపోయిన మనుషుల్ని చూసిన జిల్లాలో భూమి లోపలి నీటిని పట్టించుకోకపోవడం నాకు సరైన పనిగా అనిపించదు.

లోపల జరిగేది ఇది. మన గ్రానైట్ నేలల్లో పైన మొరం, దాని కింద పగుళ్ల రాయి, ఇంకా కిందికి పోతే నీళ్లు చొరని గట్టి రాయి. మొత్తం కలిపినా రాయిలోంచి తోడుకోగల నీరు దాని ఘనపరిమాణంలో ఒకటి రెండు శాతమే, అందుకే చిన్న వాన పడినా మట్టం గబగబా పైకి వస్తుంది, నాలుగు మోటార్లు వేస్తే అంతే వేగంగా పడిపోతుంది. ఫ్లోరైడ్ ఆ రాయిలోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల నుంచి వస్తుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైట్ ఇక కరగదు, ఫ్లోరైడ్‌కి ఒక హద్దు ఉంటుంది. వరి మడిలో నీళ్లు ఆవిరై, చిక్కబడి, మళ్లీ కిందికి దిగేటప్పుడు కాల్షియం సున్నపు గుళ్లుగా మట్టిలోనే ఉండిపోతుంది, సోడియం మిగులుతుంది, ఆ హద్దు పోతుంది. అదే నీటిని మళ్లీ తోడతాం, మళ్లీ పారిస్తాం. చెరువు నీళ్లు వచ్చి ఈ చక్రాన్ని పలచన చేస్తాయా, లేక నీళ్లున్నాయి కదా అని ఇంకో నాలుగు ఎకరాలు వరి వేయించి చక్రాన్ని ఇంకా వేగంగా తిప్పిస్తాయా అన్నదే నేను తేల్చాల్సిన విషయం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో వేల చెరువుల పూడిక తీశారు, మట్టాలు ఎంత పెరిగాయన్న లెక్కలు చాలానే వచ్చాయి, నాణ్యత మీద అంత శ్రద్ధ కనబడలేదు.

మొదటి రెండేళ్లు మూడు చెరువులు ఎంచుకుని కూర్చుంటాం: పూడిక తీసినది ఒకటి, తీయనిది ఒకటి, కాలువ నీళ్లతో నిండేది ఒకటి. ఇక్కడ కొలత అనుకున్నంత సులువు కాదు. కేసింగ్‌కీ పైపుకీ మధ్య సందులోంచి టేపు దించితే మట్టం తెలుస్తుంది, కానీ 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, ఆటో స్టార్టర్ ఉన్న చోట మోటారు ఎప్పుడు ఆగుతుందో ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం, చదివిన మట్టం నిలకడైనదని నమ్మలేం. చాలామంది దీన్ని చెత్త డేటా అని తీసేస్తారు. నాకు ఇందులోనే ఒక అవకాశం కనిపించింది. పదిహేను నిమిషాలకోసారి మట్టాన్ని తనే రాసుకునే లాగర్ దించితే, మోటారు వేసిన ప్రతిసారీ పడిన మట్టం, ఆపిన ప్రతిసారీ కోలుకున్న తీరు ఒక చిన్న పంపింగ్ టెస్ట్ లాంటిదే. ఒక సీజన్‌లో అలాంటివి వందలు ఉచితంగా దొరుకుతాయి. మట్టం మొరంలో ఉన్నప్పుడు ఒకలాగా, పగుళ్ల రాయిలోకి దిగాక ఇంకోలాగా కోలుకుంటుంది కాబట్టి రాయి గుణం లోతుని బట్టి ఎలా మారుతుందో రైతు మోటారే చెబుతుంది. థీసిస్ చివరి అధ్యాయంలో కొద్ది బోర్ల మీద ఈ పద్ధతి పని చేసింది.

ఆ తర్వాత నీటి జాడ. చెరువులో ఎండకి ఆవిరైన నీళ్లలో బరువైన ఆక్సిజన్, డ్యూటీరియం అనే ఐసోటోపుల పాళ్లు పెరుగుతాయి, నేరుగా ఇంకిన వాన నీళ్లలో అలా ఉండదు. ఈ తేడాతో ఒక బోరులో చెరువు వాటా ఎంతో లెక్క కట్టొచ్చు. వరి మడి నుంచి తిరిగొచ్చే నీళ్లూ ఆవిరైనవే కాబట్టి ఐసోటోపులు ఒక్కటే సరిపోవు, క్లోరైడ్, సోడియం, కాల్షియం కలిపి చూడాలి. రెండో ఏడాది నుంచి నాలుగో ఏడాది దాకా అసలు బరువు ఈ పని మీదే. నీటి ప్రవాహానికి MODFLOW 6, రసాయన చర్యలకి PHREEQC వాడతాను, రెండూ ఉచితం, విద్యార్థులు ఇంటి దగ్గర కూడా నడుపుకోగలరు. చివరి ఏడాదిన్నరలో ఇదే లెక్కని ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి వైపు పరీక్షిస్తాం. అక్కడ కూడా సరిపోతేనే దాన్ని నల్గొండ బయట వాడమని చెప్పగలను.

వానలు మోసం చేసి రెండేళ్లు చెరువులే నిండకపోవచ్చు. ఆ పరిస్థితిలో వరి మడి చక్రాన్ని మాత్రమే వేరు చేసి చూసే అవకాశం వస్తుంది, కాలువ నీళ్ల చెరువు ఎటూ ఉంటుంది కాబట్టి పని ఆగదు.

ఇద్దరు పీహెచ్‌డీ విద్యార్థులు చాలు, మొదటి మూడేళ్లలో అంతకు మించి తీసుకోను. నెట్ ఫెలోషిప్‌తో వచ్చేవాళ్లకి 2023 నుంచి జేఆర్ఎఫ్ నెలకి 37,000 కాబట్టి జీతాల భారం ప్రాజెక్టు మీద పడదు. ఎమ్మెస్సీ వాళ్లకి క్యాంపస్ రాళ్ల మధ్యే ఒక బోరు వేయించి బడి పెడతాను, గచ్చిబౌలి గ్రానైట్‌కీ మునుగోడు గ్రానైట్‌కీ పాఠం ఒక్కటే.

డబ్బు సంగతి. చేరగానే ఏఎన్ఆర్ఎఫ్ వారి ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంట్‌కి పెడతాను, మూడేళ్లకి 60 లక్షల వరకు ఇస్తారు. అందులో పెద్ద ఖర్చు ఐసోటోపు అనలైజర్, తర్వాత లాగర్లు, జీపు అద్దె. రెండో ఏడాది జలశక్తి శాఖ పరిశోధన నిధికి, మూడో ఏడాది ఫ్రెంచ్ సహచరులతో కలిసి భారత్-ఫ్రాన్స్ ఉమ్మడి పరిశోధనలకి నిధులిచ్చే సెఫిప్రాకి దరఖాస్తు చేస్తాను, మహేశ్వరం వాటర్‌షెడ్‌లో ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని మీదే మా అవగాహన చాలావరకు నిలబడి ఉంది. అటల్ భూజల్ యోజన ఏడు రాష్ట్రాలకే, తెలంగాణ అందులో లేదు, కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోలేదు. రాష్ట్ర భూగర్భజల శాఖ నుంచి డబ్బు ఆశించను, వాళ్ల పీజోమీటర్ల పాత రికార్డులు కావాలి, బదులుగా మా కొలతలన్నీ వాళ్లకి ఇస్తాను.

గ్రాంట్లు ఆలస్యమైతే అనలైజర్ లేకుండానే మొదలుపెట్టొచ్చు, నమూనాలు బయటి ల్యాబ్‌కి డబ్బు కట్టి పంపుతాం. లాగర్లు మాత్రం వాయిదా పడకూడదు. మొదటి వానాకాలం ముందు మట్టాలు దొరక్కపోతే పోలికకి ఏడాది పోతుంది, అందుకే విభాగం సీడ్ గ్రాంట్‌లోంచి మే నెలకల్లా ఇరవై లాగర్లకి సరిపడా అడుగుతున్నాను.