యాక్సెస్, డిస్ట్రిబ్యూషన్, కోర్: క్యాంపస్ నెట్‌వర్క్‌కి మూడు లేయర్లు ఎందుకు

ఒక యూనివర్సిటీ క్యాంపస్ తీసుకుందాం. ఆరు బిల్డింగులు, ఒక్కోదానికి నాలుగు అంతస్తులు, అంతస్తుకో వైరింగ్ గది. సర్వర్లన్నీ ఒకచోట, ఇంటర్నెట్ లింకులూ ఫైర్‌వాల్సూ ఇంకోచోట. దీనికి నెట్‌వర్క్ గీయమంటే కొత్తగా చేరినవాళ్లు కూడా టకటకా మూడు వరుసల్లో బాక్సులు గీసేస్తారు: కింద యాక్సెస్, మధ్యలో డిస్ట్రిబ్యూషన్, పైన కోర్. బొమ్మ కరెక్టే. కానీ మధ్య వరుస తీసేస్తే ఏమవుతుందని అడిగితే చాలామంది ఆగిపోతారు. నేనైతే ప్రతి లేయర్ దగ్గరా ఒక్కటే అడుగుతాను: ఇక్కడ ఏదైనా చెడిపోతే, లేదా ఇక్కడ మనం ఏదైనా మారిస్తే, ఆ ప్రభావం ఎంతదూరం వెళ్లాలి, ఎక్కడ ఆగాలి? లేయర్లు పుట్టింది ఆ ఆపడం కోసమే.

ముందు యాక్సెస్. అంతస్తుకో స్విచ్ గది ఎందుకంటే, రాగి కేబుల్ మీద ఈథర్నెట్ 100 మీటర్లే. గది నుంచి గోడ సాకెట్ వరకు, అక్కడ్నుంచి మెషీన్ వరకు, ప్యాచ్ కార్డులతో కలిపి అందులోనే సర్దుకోవాలి. మన క్యాంపస్‌లో గదికి రెండు 48 పోర్టుల స్విచ్‌లు, స్టాక్ చేసి ఒకే స్విచ్‌లా నడుపుతాం. కొనేముందు పోర్టులు లెక్కపెట్టుకుంటే సరిపోదు, కరెంటు కూడా లెక్క వేయాలి. ఫోన్లకూ వైఫై పాయింట్లకూ కరెంటు నెట్‌వర్క్ కేబుల్ మీదే స్విచ్ ఇస్తుంది కాబట్టి, 48 పోర్టుల్లోనూ ఫోన్లు పెట్టి ఒక్కోదానికి 15.4 వాట్లు ఇవ్వాలంటే 739 వాట్లు కావాలి. అవే పోర్టుల మీద 30 వాట్ల వైఫై యాక్సెస్ పాయింట్లు పెడితే 1,440 వాట్లు. పవర్ సప్లై చిన్నది తీసుకుంటే పోర్టులు ఖాళీగా ఉన్నా కొత్త డివైస్ ఆన్ అవదు.

యాక్సెస్ అసలు పని మనుషుల్ని నమ్మకపోవడం. మాట కఠినంగా ఉన్నా నిజం అదే, ఎందుకంటే నెట్‌వర్క్ మొత్తంలో మన చేతిలో లేని మెషీన్లు తగిలేది ఇక్కడే. ఎవరు లోపలికి రావాలో 802.1ఎక్స్ తేలుస్తుంది. ఎవరో తెచ్చిన రౌటర్ ఐపీ అడ్రస్‌లు పంచకుండా డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆపుతుంది. ఫోన్ నుంచి వచ్చే ప్యాకెట్లకు ప్రాధాన్యం ఇవ్వాలా వద్దా అన్నదీ ఈ పోర్టు దగ్గరే తేల్చాలి, పైకి వెళ్లాక అది అసలు ఫోనో కాదో ఎవరికీ తెలియదు. ఒక పోర్టు ఇలా ఉంటుంది:

```
interface GigabitEthernet1/0/12
 switchport mode access
 switchport access vlan 310
 switchport voice vlan 311
 spanning-tree portfast
 spanning-tree bpduguard enable
 ip dhcp snooping limit rate 15
```

ఇందులో `bpduguard` లైన్ ఎప్పుడూ వదలొద్దు. ఒకే కేబుల్ రెండు కొసలూ రెండు గోడ సాకెట్లకు గుచ్చేసేవాళ్లు ప్రతి క్యాంపస్‌లోనూ ఉంటారు, అది వాళ్ల తప్పూ కాదు. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ ఉంటుంది కాబట్టి దారి తప్పి తిరిగినా కొన్ని హాప్‌ల తర్వాత పడిపోతుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌కి అలాంటిదేమీ లేదు. లూప్‌లో పడ్డ ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ తిరుగుతూనే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది, లింకులు నిండిపోయి స్విచ్ సీపీయూ ఉక్కిరిబిక్కిరయ్యేదాకా. `bpduguard` ఉంటే, లూప్‌లు పసిగట్టడానికి స్విచ్‌లు పంపే బీపీడీయూ అనే ఫ్రేమ్ ఆ పోర్టులోకి రాగానే అది ఎర్‌డిసేబుల్ అవుతుంది, అంటే మూసుకుపోతుంది, అంతటితో సరి. కానీ మధ్యలో ఎవరో పెట్టిన చవక స్విచ్ బీపీడీయూలను మింగేస్తే? బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు ఎంతవరకు వెళ్లొచ్చో ఆ పరిధినే వీల్యాన్ అంటాం, కాబట్టి అప్పుడు ఆ తుఫాను ఆ వీల్యాన్ ఎంతమేర ఉంటే అంతమేరా పాకుతుంది. అందుకే ఈ డిజైన్‌లో నేను పట్టుబట్టేది ఒకటుంది, వీల్యాన్ ఒక వైరింగ్ గది దాటకూడదు. 310 అంటే మూడో బిల్డింగ్ మొదటి అంతస్తు డేటా, 311 అక్కడి వాయిస్, అవి అక్కడే ఉంటాయి.

ఇక్కడ ప్రతిసారీ వచ్చే అభ్యంతరం: "వైఫైలో మనుషులు తిరుగుతుంటారు కదండీ, క్యాంపస్ అంతా ఒకే వీల్యాన్ ఉంటేనే కదా ఐపీ మారకుండా ఉంటుంది?" అక్కర్లేదు. కంట్రోలర్ ఉన్న వైఫైలో యాక్సెస్ పాయింట్ నుంచి కంట్రోలర్ దాకా క్యాప్‌వ్యాప్ టన్నెల్ వేసి, యూజర్ ట్రాఫిక్‌ని అందులోనే పంపొచ్చు. యూజర్ వీల్యాన్ కంట్రోలర్ దగ్గరే ఉంటుంది, కింద స్విచ్‌లకు కనిపించేది మామూలు ఐపీ ప్యాకెట్లే. వైఫై పేరు చెప్పి వీల్యాన్‌లను క్యాంపస్ అంతా పరిస్తే, ఒక గదిలో లూప్ పడ్డప్పుడు ఆరు బిల్డింగులూ పడుకుంటాయి.

సరే, ఆపాలి అనుకున్నాం. ఆపేది డిస్ట్రిబ్యూషన్. మూడు లేయర్లలో ఆలోచన అంతా ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త నిదానిద్దాం. ప్రతి బిల్డింగ్‌కీ రెండు డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లు, డీ1, డీ2 అందాం. ప్రతి వైరింగ్ గది నుంచీ డీ1కి ఒక 10 గిగాబిట్ ఫైబర్, డీ2కి ఒకటి. లేయర్ 2, అంటే వీల్యాన్‌లూ ఈథర్నెట్ ఫ్రేములూ తిరిగే భాగం, ఇక్కడితో ముగుస్తుంది, దీనిపైన అంతా లేయర్ 3, అంటే ఐపీ రౌటింగే. డీఫాల్ట్ గేట్‌వే ఇక్కడ, వీల్యాన్‌ల మధ్య యాక్సెస్ లిస్టులు ఇక్కడ, బిల్డింగ్ అడ్రస్‌లన్నీ ఒక్క రూట్‌గా కుదించేదీ ఇక్కడే. డీ1లో గేట్‌వే ఇలా ఉంటుంది:

```
interface Vlan310
 ip address 10.3.10.2 255.255.255.0
 ip helper-address 10.100.1.10
 standby 10 ip 10.3.10.1
 standby 10 priority 110
 standby 10 preempt delay minimum 180
```

`standby` లైన్ల వల్ల 10.3.10.1ని డీ1, డీ2 పంచుకుంటాయి. మెషీన్లన్నీ దాన్నే గేట్‌వే అనుకుంటాయి, ఆ అడ్రస్ ప్రస్తుతం డీ1 దగ్గరుందా డీ2 దగ్గరుందా అన్నది వాటికి పట్టదు. డేటా వీల్యాన్‌లకు డీ1, వాయిస్ వీల్యాన్‌లకు డీ2 యాక్టివ్‌గా పెడితే రెండు ఫైబర్లూ పని చేస్తాయి. ఆ చివరి లైన్‌లోని 180 సెకన్లు ఎందుకంటే, డీ1 రీబూట్ అయి లేవగానే వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌లు ముందు పైకొస్తాయి, కోర్‌తో రౌటింగ్ కుదరడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది. ఆ లోపే డీ1 గేట్‌వే పదవి లాగేసుకుంటే, వచ్చిన ప్యాకెట్లను ఎటు పంపాలో దానికే తెలియక పడేస్తుంది. బాగానే నడుస్తున్న నెట్‌వర్క్ స్విచ్ తిరిగి వచ్చినందువల్ల ఆగడం చూస్తే ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. కారణం మాత్రం తరచుగా ఇదే.

రూట్ కుదింపు సంగతి. మూడో బిల్డింగ్‌లో ఎన్ని సబ్‌నెట్‌లున్నా, క్యాంపస్‌లో మిగతావాళ్లకు తెలియాల్సింది 10.3.0.0/16 ఒక్కటే. రౌటర్లు దారుల సమాచారం పంచుకునే ఓఎస్‌పీఎఫ్ ప్రోటోకాల్‌లో ఆ బిల్డింగ్‌ని ఏరియా 3 అనే విడి భాగం చేసి, డీ1, డీ2 రెండింటి మీదా ఇది పెడతాం:

```
router ospf 1
 area 3 range 10.3.0.0 255.255.0.0
```

ఇక రెండో అంతస్తులో ఒక లింక్ పడుతూ లేస్తూ ఉన్నా అయిదో బిల్డింగ్ రౌటింగ్ టేబుల్ కదలదు. అయితే దీనికో షరతుంది, చాలా డిజైన్లలో తప్పిపోయేది కూడా అదే. మొదటి అంతస్తు నుంచి డీ1కి వెళ్లే ఫైబర్ తెగిందనుకోండి. డీ1కి మిగతా అంతస్తులు ఇంకా అందుతున్నాయి కాబట్టి 10.3.0.0/16 నా దగ్గరుందని కోర్‌కి చెబుతూనే ఉంటుంది. కోర్ కూడా నమ్మి మొదటి అంతస్తు ప్యాకెట్లలో కొన్ని దానికే పంపుతుంది. డీ1, డీ2 మధ్య నేరుగా లింక్ లేకపోతే ఆ ప్యాకెట్లు అక్కడే చస్తాయి. సగం సెషన్లు పనిచేస్తాయి, సగం చేయవు, హెల్ప్‌డెస్క్‌కి ఫోన్లు మొదలవుతాయి, పింగ్ చేసి చూసినవాడికి మాత్రం బాగానే ఉందనిపించొచ్చు. అందుకని ఆ రెండింటి మధ్య ఒక లేయర్ 3 లింక్, ఏరియా 3లోనే, తప్పనిసరి. అది ఉంటే 10.3.10.0/24 ఎక్కడుందో డీ2 నుంచి నేర్చుకుని డీ1 అటు మళ్లిస్తుంది.

అది లేయర్ 3 లింకే ఎందుకు? వీల్యాన్ ఒకే గదిలో ఉన్నప్పుడు గది, డీ1, డీ2 కలిసి వీ ఆకారంలో ఉంటాయి. లూప్ లేదు, కాబట్టి లూప్ తెంచడానికి లింకులు మూసే స్పానింగ్ ట్రీ ఏ ఫైబర్‌నీ బ్లాక్ చేయదు. ఎవరో ఒకే వీల్యాన్ రెండు గదుల్లో కావాలన్నారని ఆ లింక్‌ని లేయర్ 2 చేశామా, త్రిభుజం ఏర్పడుతుంది, ఒక్కో గదికి ఒక ఫైబర్ బ్లాక్ అయి కూర్చుంటుంది. స్పానింగ్ ట్రీని మాత్రం తీసేయొద్దు, అనుకోని లూప్‌కి అదే దిక్కు.

కోర్ గురించి చెప్పాల్సింది తక్కువ, అదే దాని గొప్పతనం. రెండు స్విచ్‌లు, వేగంగా ప్యాకెట్లు దాటించడం తప్ప ఇంకేమీ చేయవు. యాక్సెస్ లిస్టులు లేవు, యూజర్ వీల్యాన్‌లు లేవు, "ఈ ఒక్క సర్వర్ ఇక్కడ పెట్టుకుంటాం" అన్నవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా వద్దనాలి. రూల్ ఉన్నచోట రూల్ మార్చాల్సి వస్తుంది, మార్చినచోట ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు జరుగుతుంది, కోర్‌లో జరిగే పొరపాటు అందరిదీ అవుతుంది.

అసలు కోర్ కావాలా అంటే, లెక్క వేద్దాం. ఆరు బిల్డింగులు, సర్వర్ బ్లాక్, ఇంటర్నెట్ బ్లాక్, మొత్తం ఎనిమిది జతలు, పదహారు డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లు. కోర్ లేకుండా అన్నిటినీ అన్నిటికీ కలిపితే 120 లింకులు. కోర్ జత పెడితే 32 అప్‌లింకులు, జతల మధ్య 8, రెండు కోర్‌ల మధ్య 1, వెరసి 41. రేపు ఇంకో బిల్డింగ్ కడితే మొదటి పద్ధతిలో 33 కొత్త లింకులు వేయాలి, పాత స్విచ్‌లన్నిటినీ ముట్టుకోవాలి. రెండో పద్ధతిలో 5 లింకులు, పాత బిల్డింగుల జోలికే వెళ్లం. ముట్టుకోకపోవడమే నాకు ఆ లింకుల ఖర్చు కంటే ముఖ్యం.

ప్రతి డిస్ట్రిబ్యూషన్ స్విచ్ నుంచీ రెండు కోర్‌లకూ ఒక్కో 10 గిగాబిట్ ఫైబర్ వేస్తాం, ఖర్చు తగ్గుతుందని డీ1ని ఒక కోర్‌కీ డీ2ని ఇంకో కోర్‌కీ మాత్రమే కలపొద్దు. రెండు సమాన దారులు రౌటింగ్ టేబుల్లో ముందే ఉంటే, ఫైబర్ తెగి లింక్ డౌన్ అయినప్పుడు స్విచ్ మిగిలిన దారినే వాడేస్తుంది. పక్క స్విచ్‌లకు సమాచారం వెళ్లి వాళ్లు మళ్లీ లెక్కలు వేసేదాకా ఆగాల్సిన పని ఉండదు.

బ్యాండ్‌విడ్త్‌కి పాత బండ లెక్క ఒకటుంది: కిందనుంచి రాగల వేగానికీ పైకి వెళ్లే లింకుల వేగానికీ నిష్పత్తి యాక్సెస్ నుంచి డిస్ట్రిబ్యూషన్‌కి 20:1, అక్కడ్నుంచి కోర్‌కి 4:1 దాటకుండా చూసుకోమని. మన గదిలో 96 గిగాబిట్ పోర్టులు, పైకి 20 గిగాబిట్లు, అంటే 4.8:1. బిల్డింగ్ మొత్తానికి గదుల నుంచి 80 వస్తే కోర్‌కి 40 వెళుతుంది, 2:1. ఒక కోర్ పడిపోతే 4:1, అప్పుడూ హద్దులోనే ఉన్నాం. లెక్క ఎప్పుడూ ఇలా ఒకటి పోయిందనుకునే వేయాలి. రెండు అప్‌లింకులూ 70 శాతం వాడకంలో ఉన్నాయంటే రిడండెన్సీ కాగితం మీదే ఉన్నట్టు.

కోర్ అప్‌గ్రేడ్ పట్టపగలు చేయగలిగితే డిజైన్ కుదిరినట్టే. రీలోడ్‌కి ముందు ఆ స్విచ్‌లో ఓఎస్‌పీఎఫ్ కింద `max-metric router-lsa` ఇస్తే మిగతావన్నీ దాన్ని తప్పించుకుని రెండో కోర్ గుండా వెళ్లడం మొదలుపెడతాయి. కౌంటర్లు చూసి ట్రాఫిక్ ఖాళీ అయ్యాక రీలోడ్ కొట్టడమే.

ఇదంతా చదివి రెండు బిల్డింగుల ఆఫీసుకి కూడా మూడు లేయర్లు కొనొద్దు. డిస్ట్రిబ్యూషన్ జతలు ఒకటో రెండో ఉన్నంతవరకు కోర్ పనిని అవే చేసేస్తాయి, దాన్నే కొలాప్స్‌డ్ కోర్ అంటారు. మూడో జత వచ్చేటప్పుడు మాత్రం కూర్చుని ఆలోచించాలి, నాలుగోది వస్తోందని తెలిస్తే నేనైతే కోర్ పెట్టేస్తాను. అలాగే డేటా సెంటర్ లోపల ఈ లెక్క వేరు. అక్కడ సర్వర్లు ఒకదానితో ఒకటి విపరీతంగా మాట్లాడుకుంటాయి కాబట్టి ప్రతి లీఫ్ స్విచ్‌నీ ప్రతి స్పైన్ స్విచ్‌కీ కలిపే లీఫ్-స్పైన్ వాడతారు. క్యాంపస్‌లో ట్రాఫిక్ ఎక్కువగా యూజర్ నుంచి సర్వర్లకో ఇంటర్నెట్‌కో పోతుంది, చెట్టు ఆకారం దానికి సరిగ్గా సరిపోతుంది.

చిన్నగా మొదలుపెట్టినా ఒక్క జాగ్రత్త తీసుకోండి: బిల్డింగ్‌కో అడ్రస్ బ్లాక్, గది దాటని వీల్యాన్‌లు, డిస్ట్రిబ్యూషన్ దగ్గరే లేయర్ 3. ఇవి మొదటిరోజు నుంచీ ఉంటే, తర్వాత కోర్ కొన్నప్పుడు అప్‌లింక్ ఫైబర్లు ఒక్కొక్కటిగా కొత్త స్విచ్‌లకు మార్చుకుంటూ పోతే చాలు. కింద ఒక్క యూజర్ ఐపీ కూడా మారదు.