రీజియన్ రిపోర్టు ఈసారి నా వల్ల కాదన్నా

ఆఫీస్ చాట్, మంగళవారం

సేల్స్ సీనియర్, 10:12
తమ్ముడూ, గురువారం రివ్యూ ఉంది. పోయిన నెల రీజియన్ల వారీగా రిపోర్టు చేసిపెట్టావు కదా, ఈసారి కూడా కాస్త చూడవా? నీకైతే రెండు గంటల పని. ఇకనుంచి ప్రతి నెలా నువ్వే చూసుకుంటే నాకు బెంగ ఉండదు 🙂

అకౌంట్స్, 10:31
అన్నా, ఈసారి చేయలేను. సాయంత్రం దాకా నాన్చి అప్పుడు కాదంటే మీకే ఇబ్బంది, అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నా.

నెలాఖరు క్లోజింగ్ నడుస్తోంది. బ్యాంక్ రీకన్సిలియేషన్‌లో రెండు ఎంట్రీలు ఇంకా తేలలేదు. గురువారం మధ్యాహ్నానికల్లా మేడమ్‌కి ట్రయల్ బ్యాలెన్స్ ఇవ్వాలి. మధ్యలో మీది పట్టుకుంటే రెండూ అరకొరగానే అవుతాయి. పైగా అది రెండు గంటల పని కాదన్నా, పోయినసారి కస్టమర్ కోడ్‌లు సరిచేయడానికే సగం రోజు పోయింది 🙂

పోయిన నెల ఫైలు మీ షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టాను. దాన్ని కాపీ చేసుకుని, Raw షీట్‌లో పాత డేటా తీసేసి అవే హెడ్డింగ్‌ల కింద ఈ నెలది పేస్ట్ చేయండి. పాత వరుసలు కింద మిగిలిపోతే టోటల్స్ తప్పుతాయి, అదొక్కటి చూసుకోండి. చివరి రెండు కాలమ్‌లు ఫార్ములాలు, వాటిని ముట్టుకోవద్దు. తర్వాత Ctrl+Alt+F5 నొక్కితే పివట్‌లన్నీ మారతాయి.

#N/A కనిపిస్తే కంగారు పడకండి. సిస్టమ్‌లోంచి దింపిన కోడ్‌లు టెక్స్ట్‌గా వస్తున్నాయి. ఆ కాలమ్ సెలెక్ట్ చేసి Data > Text to Columns > Finish కొడితే నంబర్లవుతాయి. ఆ తర్వాత Ctrl+Alt+F5 ఇంకోసారి నొక్కండి.

ఇక ప్రతి నెలా అన్నారు కదా, దానికీ ఒప్పుకోలేనన్నా. మీ రివ్యూ ఎప్పుడూ మా క్లోజింగ్ వారంలోనే పడుతుంది. ఇప్పుడు మొహమాటానికి సరేనంటే ప్రతిసారీ మిమ్మల్ని ఆఖరి నిమిషంలో ఇరికిస్తాను. మీ టీమ్‌లో ఒకరికి అప్పగించండి. శుక్రవారం నేను వాళ్ళ పక్కన కూర్చుని మొత్తం చూపిస్తా.

సేల్స్ సీనియర్, 10:44
మీ మేడమ్‌తో నేను మాట్లాడనా? ఒక్క పూట నిన్ను వదలమని.

అకౌంట్స్, 10:47
మాట్లాడండన్నా, నేనేమీ అనుకోను. ఏది ముందో మేడమ్ చెబితే అలాగే చేస్తా. నా అంతట నేను మాత్రం క్లోజింగ్ పక్కన పెట్టలేను.

సేల్స్ సీనియర్, 10:58
వద్దులే, ఆవిడ దగ్గరికెళ్తే నాకే క్లాసు పడుతుంది. మా కొత్తబ్బాయికి ఇస్తా. ఎక్కడైనా ఆగిపోతే నీకే ఫోన్ చేస్తాడు.

అకౌంట్స్, 11:01
ఫోన్ వద్దన్నా, స్క్రీన్‌షాట్ పంపమనండి. లంచ్ టైమ్‌లో చూసి చెప్తా. శుక్రవారం 11కి అతనికి నా క్యాలెండర్‌లోంచి ఇన్వైట్ పంపుతున్నా.

సేల్స్ సీనియర్, 11:02
👍 పంపు.